థీసిస్ ఇంటి దగ్గర రాసుకుంటానని గైడ్‌ను అడగడం ఎలా?

నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ, గుంటూరు, విజయవాడ కాలేజీల్లోనూ పరిశోధన చేస్తున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: “డేటా సేకరణ అయిపోయింది, రాయడమే మిగిలింది. హాస్టల్లో కుదరడం లేదు. ఇంటికి వెళ్లి రాసుకుంటానంటే సార్ ఒప్పుకోవడం లేదు. ఎలా అడగాలి?”

ముందు గైడ్ వైపు నుంచి చూడండి. ఇంటికి వెళ్లి ఫోను ఎత్తడం మానేసిన స్కాలర్‌ను ఆయన ఇదివరకే చూసి ఉంటారు. మీ హాజరు మీద, ఆరు నెలలకోసారి పరిశోధన సలహా సంఘం ముందుకు వెళ్లే ప్రగతి నివేదిక మీద సంతకం ఆయనది. రేపు ఎవరైనా “మీ స్కాలర్ ఎక్కడ?” అని అడిగితే జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ఏ తేదీకి ఏ పేజీలు తన చేతికి వస్తాయో రాసి ఉన్న కాగితం మీరు ఇస్తే ఆ జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఈ వ్యాసం ఆ కాగితం తయారుచేయడం గురించే.

ఇది డేటా సేకరణ పూర్తయి, కనీసం ఒక అధ్యాయం చిత్తుప్రతి గైడ్ చదివినవాళ్లకు పనికొస్తుంది. ప్రయోగశాలలో పని మిగిలి ఉంటే ముందు అది ముగించండి.

కావలసినవి

- మీ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు. గడువు తేదీ అందులో ఉంటుంది.
- అధ్యాయాల జాబితా. ప్రతి అధ్యాయం ఎదుట అయిన పేజీలు, మిగిలిన పేజీలు.
- గైడ్ ఇంతకుముందు దిద్ది ఇచ్చిన పేజీలు.
- రాబోయే నాలుగు నెలల క్యాలెండర్, ఇంట్లో శుభకార్యాల తేదీలతో సహా.
- ఫెలోషిప్ ఉంటే దాని మంజూరు ఉత్తర్వు, సెలవు నిబంధనలు.

1. గడువు నుంచి వెనక్కి లెక్కించండి

యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ప్రవేశం పొందిన రోజు నుంచి గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ మీద మరో 2 ఏళ్ల వరకు పొడిగించే వీలుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనపు సడలింపు ఉంది. పొడిగింపు ఉంది కదా అని దాన్ని లెక్కలో వేసుకోకండి. అది ఇచ్చేది విశ్వవిద్యాలయం, మీరు కాదు.

థీసిస్ రాసేయగానే సమర్పించడం జరగదు. గైడ్ మొత్తం ఒకసారి చదవాలి, సారూప్యత పరీక్ష చేయించాలి, ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఇవ్వాలి, అక్కడ వచ్చిన సూచనలు చేర్చాలి. వీటన్నిటికీ కలిపి కనీసం నాలుగు నెలలు పక్కన పెట్టండి. మిగిలినదే మీరు రాయడానికి ఉన్న కాలం.

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణతో వెళ్దాం. స్కాలర్ అర్థశాస్త్ర విభాగంలో ఉన్నాడు, ఊరు రేపల్లె. గుంటూరు జిల్లాలో మిర్చి పండించే కౌలు రైతుల అప్పులు అతని అంశం. ఫెలోషిప్ అయిదేళ్లూ అయిపోయింది. రిజిస్ట్రేషన్ గడువుకు ఇంకా పది నెలలు ఉంది. నాలుగు నెలలు పక్కన పెడితే రాయడానికి ఆరు నెలలు మిగిలాయి.

2. మీ వేగం కొలవండి

చాలా ప్రణాళికలు ఇక్కడే దెబ్బతింటాయి. “రోజుకు అయిదు పేజీలు రాస్తాను, నెలకు నూట యాభై” అని లెక్క వేసిన ప్రణాళికను అనుభవం ఉన్న ఏ గైడూ నమ్మరు.

ఇంటికి వెళ్లకముందే, ఇప్పుడున్న చోటే రెండు వారాలు రాసి చూడండి. వారం చివర పేజీలు లెక్కపెట్టండి. పట్టికలను వదిలేయండి. మీరే ఒకసారి తిరిగి చదివి, దిద్ది, ఆధారాలు చేర్చిన పేజీలనే లెక్కలోకి తీసుకోండి. వచ్చిన సంఖ్య చిన్నదిగా ఉంటుంది, ఫరవాలేదు. ఇంటికి వెళ్తే అది పెరుగుతుందని కూడా అనుకోకండి.

మన స్కాలర్‌కు వారానికి 8 పేజీలు వచ్చాయి. రెండో అధ్యాయం (పూర్వ పరిశోధనల సమీక్ష), మూడో అధ్యాయం (పద్ధతి) చిత్తుప్రతులు ఉన్నాయి. మిగిలినవి ఇవి:

- 4వ అధ్యాయం, రైతు కుటుంబాల భూమి, కౌలు, ఖర్చులు: 24 పేజీలు
- 5వ అధ్యాయం, అప్పులు, వడ్డీ, తీర్చిన తీరు: 32 పేజీలు
- 6వ అధ్యాయం, ఫలితాలు, సూచనలు: 14 పేజీలు
- 1వ అధ్యాయం, పరిచయం: 10 పేజీలు

మొత్తం 80 పేజీలు, అంటే పది వారాలు. ఒక్కో అధ్యాయానికి దిద్దుబాట్ల కోసం ఒక వారం చొప్పున కలిపితే పద్నాలుగు వారాలు. ఆరు నెలల్లో ఇది సరిపోతుంది, కొంత వెసులుబాటు కూడా మిగులుతుంది. సరిపోకపోతే ఆ సంగతి ఇప్పుడే గైడ్‌తో మాట్లాడండి. పేజీలు తగ్గించడమా, ఒక విభాగాన్ని వదిలేయడమా అన్నది ఆయనే చెప్పగలరు.

పరిచయం చివర రాయడం చూసి కొందరికి అనుమానం వస్తుంది. థీసిస్‌లో ఏముందో తెలిశాక రాస్తే పరిచయం ఒకేసారి కుదురుతుంది. మీ గైడ్ ముందే కావాలంటే ముందే రాయండి. దాని మీద వాదనకు దిగితే అసలు విషయం పక్కకు పోతుంది.

3. మొత్తం కాలం ఒకేసారి అడగకండి

పద్నాలుగు వారాలూ ఒక్కసారే అడిగితే “చూద్దాంలే” అన్న మాట వస్తుంది. ఆరు వారాలు అడగండి. ఆరు వారాల తర్వాత పని చూసి పొడిగించాలో వద్దో ఆయనే నిర్ణయించేలా రాయండి. ఒప్పుకోవడం ఆయనకు సులువవుతుంది. మీకూ ఒక మేలుంది: ఇల్లు మీకు పడకపోతే ఆరు వారాల్లోనే తెలిసిపోతుంది.

4. వారాల పట్టిక రాయండి

“నాలుగో అధ్యాయం మీద పని చేస్తాను” అని రాస్తే దాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు. ప్రతి వారం ఎదుట గైడ్ చేతికి వెళ్లేది ఏమిటో రాయండి. గైడ్ చదవడానికి పట్టే రోజులను కూడా పట్టికలో చూపించండి. ఒక అధ్యాయం ఆయన దగ్గర ఉండగా రెండోది పంపకుండా చూసుకోండి. రెండూ ఒకేసారి చేరితే రెండూ పక్కన పడి ఉంటాయి.

మన స్కాలర్ పట్టిక ఇది:

- 1వ వారం: 4.1, 4.2 విభాగాలు, 8 పేజీలు. శనివారం వారపు నివేదిక.
- 2వ వారం: 4.3, 4.4, మరో 8 పేజీలు. శనివారం వారపు నివేదిక.
- 3వ వారం: 4.5, అధ్యాయం ముగింపు, 8 పేజీలు. శనివారం 4వ అధ్యాయం మొత్తం పంపడం.
- 4వ వారం: 5.1, 5.2, 8 పేజీలు. ఈ వారం గైడ్ 4వ అధ్యాయం చదువుతారు.
- 5వ వారం: బుధవారం విభాగానికి వచ్చి సార్‌ను కలవడం, దిద్దుబాట్లు తీసుకోవడం. కొత్త పేజీలు లేవు.
- 6వ వారం: 5.3, 5.4, 8 పేజీలు. దిద్దిన 4వ అధ్యాయం అందించడం.
- 7వ వారం సోమవారం: విభాగంలో హాజరు. పొడిగింపుపై నిర్ణయం.

మూడో వారం శనివారం పంపిన అధ్యాయాన్ని అయిదో వారం బుధవారం నాటికి చదవడానికి గైడ్‌కు పదకొండు రోజులు దొరుకుతాయి. ఆయనకు పరీక్ష పేపర్లు దిద్దే పని, అడ్మిషన్ల పని ఎప్పుడు ఉంటాయో ముందే కనుక్కుని, ఆ రోజుల్లో చదవాల్సిన అవసరం రాకుండా పట్టికను జరపండి. అయిదో వారంలో కొత్త పేజీలు లేకపోవడం చూసి దాన్ని నింపాలనిపిస్తుంది. నింపకండి. దిద్దుబాట్లు అనుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, పట్టికలో ఆ ఒక్క వారమే తట్టుకునే చోటు.

ఆరు వారాలయ్యేసరికి ఎనభైలో 40 పేజీలు, సరిగ్గా సగం. పొడిగింపు అడిగేటప్పుడు మీరు చూపించే లెక్క అదే.

పట్టికను ఇంట్లో క్యాలెండర్ పక్కన పెట్టి ఒకసారి చూడండి. శ్రావణంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు వరుసగా వస్తాయి. ఇంట్లో ఉన్న అబ్బాయి కాబట్టి కార్డులు పంచడం నుంచి బియ్యం తేవడం దాకా మీ మీదే పడతాయి. అమ్మాయిలకైతే వంటింటి పని, చుట్టాల రాకపోకలు ఇంకా ఎక్కువ. తప్పనిసరి కార్యం ఉన్న వారానికి 8 పేజీలు రాయకండి, 4 రాయండి. ఉదయం ఏ గంట నుంచి ఏ గంట దాకా మిమ్మల్ని పిలవకూడదో బయలుదేరేలోపే ఇంట్లో మాట్లాడుకోండి.

5. హాజరు, ఫెలోషిప్ సంగతి తేల్చుకోండి

దీన్ని దాటవేసినవాళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడతారు. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ తీసుకునేవాళ్లకు యూజీసీ నిబంధనల ప్రకారం ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజుల సెలవే ఉంది, అది కూడా సంస్థ అనుమతితో. వేసవి సెలవులు, దసరా సెలవులు వాళ్లకు వర్తించవు. ఆరు వారాలంటే 42 రోజులు. అందుకని మీ గైర్హాజరును రికార్డులో ఏమని రాస్తారో విభాగాధిపతిని, ఫెలోషిప్ చూసే సెక్షన్‌ను అడగండి. ఇంటి నుంచి పనికి అనుమతిగా నమోదు చేసే వీలు మీ సంస్థలో ఉంటే లిఖితపూర్వకంగా తీసుకోండి. లేకపోతే నాలుగు వారాలకు కుదించండి, లేదా వారంలో రెండు మూడు రోజులు విభాగానికి వచ్చే ఏర్పాటు అడగండి. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు ఇది కష్టం కాదు.

మీ బదులు హాజరు పట్టీలో స్నేహితుడి చేత సంతకం పెట్టించకండి. ప్రతి నెలా ఫెలోషిప్ విడుదలకు ముందు మీరు పనిచేస్తున్నారని సంస్థ ధ్రువీకరిస్తుంది. తప్పుడు సంతకం బయటపడితే మీతో పాటు గైడ్ కూడా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. హాస్టల్ గది ఉంచుకోవాలా, ఖాళీ చేయాలా అన్నది కూడా ఇప్పుడే వార్డెన్‌తో మాట్లాడుకోండి.

6. దరఖాస్తు రాయండి

ఒక పేజీ చాలు, పట్టిక రెండో పేజీ. మీ విభాగంలో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో సాగితే ఇదే క్రమంలో ఇంగ్లీషులో రాయండి.

> గౌరవనీయులైన ఆచార్య …… గారికి,
> పరిశోధన పర్యవేక్షకులు, అర్థశాస్త్ర విభాగం.
>
> విషయం: సిద్ధాంత గ్రంథం 4, 5 అధ్యాయాల రచన కోసం ఆరు వారాలు ఇంటి వద్ద నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతూ.
>
> అయ్యా,
> నేను మీ పర్యవేక్షణలో …… తేదీ నుంచి పూర్తికాల పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. క్షేత్ర పరిశీలన, పట్టికల తయారీ పూర్తయ్యాయి. 2, 3 అధ్యాయాల చిత్తుప్రతులు మీకు సమర్పించాను. నా రిజిస్ట్రేషన్ గడువు …… తేదీతో ముగుస్తుంది.
>
> …… తేదీ నుంచి …… తేదీ వరకు రేపల్లెలోని మా ఇంటి వద్ద ఉండి రాయడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ కాలంలో ప్రతి శనివారం మీకు నివేదిక పంపుతాను. …… తేదీన స్వయంగా విభాగానికి వచ్చి మిమ్మల్ని కలుస్తాను. మీరు పిలిచినప్పుడు మరుసటి పనిదినాన హాజరవుతాను.
>
> వరుసగా రెండు వారాలు అనుకున్న పేజీలు అందించలేకపోతే మీరు చెప్పిన వెంటనే విభాగానికి తిరిగి వస్తాను. పని ప్రణాళిక జతచేశాను.
>
> ఇట్లు,
> మీ విధేయుడు/విధేయురాలు

చివరి పేరాను తీసేయాలని చాలామంది అనుకుంటారు, తనకు తానే కట్టుబడినట్టు ఉంటుందని. ఉంచండి. గైడ్ మనసులో ఉన్న భయానికి దరఖాస్తులో జవాబు చెప్పేది ఆ ఒక్క వాక్యమే. హాస్టల్ భోజనం బాగాలేదని, గదిలో గోల అని రాయవద్దు. అవి నిజమే కావచ్చు, కానీ వాటికి ఆయన చెప్పే పరిష్కారం “గది మార్చుకో” అవుతుంది. ఆరోగ్యం, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటి అసలు కారణం ఉంటే మాత్రం దాచకుండా ఒక వాక్యంలో చెప్పండి.

7. మాట్లాడండి

దరఖాస్తును నేరుగా మెయిల్‌లో పంపకండి, ఆఫీసులో ఇచ్చి వెళ్లిపోకండి. క్లాసులు లేని వేళ చూసి, “సార్, పావుగంట కావాలి, అధ్యాయాల గురించి మాట్లాడాలి” అని సమయం అడగండి. కూర్చున్నాక ముందు పట్టిక ఇవ్వండి. దరఖాస్తు సంచిలోనే ఉండనివ్వండి. సంభాషణ ఇలా నడవవచ్చు:

“ఇక్కడ రాయలేనివాడివి ఇంటికెళ్లి ఏం రాస్తావయ్యా?”

“ఇక్కడ రెండు వారాలు రాసి చూశాను సార్, వారానికి 8 పేజీలు వచ్చాయి. అవి ఇవిగో. పట్టికలో కూడా 8 పేజీలే వేశాను. కొత్తగా అధ్యాపకులను కలవడం, లైబ్రరీ పని లేవు కాబట్టి నాలుగో అధ్యాయం, అయిదో దాంట్లో సగం అక్కడ ముగించగలను.”

“మధ్యలో నాకు నువ్వు కావాల్సొస్తే?”

“మరుసటి రోజు వచ్చేస్తాను సార్. తెనాలి మీదుగా రైలుంది.”

ఆయన పట్టికలో ఏదైనా మార్చమంటే అక్కడే పెన్నుతో మార్చండి. తన చేత్తో దిద్దిన పట్టికను గైడ్ తన ప్రణాళికగానే చూస్తారు. తర్వాత శుభ్రంగా టైపు చేసి, దరఖాస్తుతో కలిపి మర్నాడు ఇవ్వండి. గైడ్ సిఫారసు రాశాక అది విభాగాధిపతికి వెళ్లాలి. “సరే వెళ్లు” అన్న నోటిమాటతో బస్సెక్కకండి. సంతకం, తేదీ ఉన్న ప్రతిని ఫోటో తీసుకుని దగ్గర ఉంచుకోండి.

ఒప్పుకోకపోతే “ఎందుకు సార్?” అని నిలదీయకుండా, “రెండు వారాలకు ఇచ్చి చూడండి సార్, మూడో వారం మీరే నిర్ణయించండి” అనండి. అదీ కాదంటే ఆ పట్టికనే హాస్టల్లో ఉండి ఒక నెల అమలు చేసి, శనివారం నివేదికలు పంపుతూ ఉండండి. నెల తర్వాత మళ్లీ అడిగేటప్పుడు ఆ నాలుగు నివేదికలే మీ సాక్ష్యం. గైడ్‌ను దాటి విభాగాధిపతి దగ్గరకు వెళ్లడం ఆరోగ్యం వంటి అత్యవసరాలకే పరిమితం చేయండి.

8. బయలుదేరే ముందు

క్యాంపస్ నెట్‌వర్క్‌లో మాత్రమే తెరుచుకునే పత్రికా వ్యాసాలన్నీ దించుకోండి. ఇంటి నుంచి లాగిన్ అయ్యే సౌకర్యం ఉంటే లైబ్రరీలో కూర్చుని కాదు, ఫోను ఇంటర్నెట్‌తో ప్రయత్నించి చూడండి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ విభాగం కంప్యూటర్లలోనే ఉంటే పట్టికలన్నీ అక్కడే ముగించుకుని వెళ్లండి. సర్వే ప్రశ్నావళుల అసలు ప్రతులను స్కాన్ చేయించండి. ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి ఉండాలి.

9. శనివారం నివేదిక

నాలుగు పంక్తులు చాలు. మన స్కాలర్ రెండో వారం ఇలా రాశాడు:

> అనుకున్నది: 4.3, 4.4 విభాగాలు, 8 పేజీలు.
> అయినది: 4.3 పూర్తి, 4.4 సగం, 6 పేజీలు. జతచేశాను.
> ఆగిన చోటు: కౌలును కొందరు రైతులు ఎకరాకు ఇంత అని డబ్బులో చెప్పారు, కొందరు పంటలో వాటాగా చెప్పారు. ఒకే పట్టికలో చూపాలా, రెండుగా విడదీయాలా?
> వచ్చే వారం: 4.4 మిగిలిన 2 పేజీలు, 4.5, ముగింపు.

రెండు పేజీలు తగ్గాయని దాచలేదు, ఎందుకు ఆగిందో ప్రశ్నగా అడిగాడు. ఆ ప్రశ్నకు గైడ్ ఒక్క వాక్యంలో జవాబు ఇవ్వగలరు. “పని బాగా సాగుతోంది సార్” అని రాసిన నివేదికకు ఎవరూ జవాబివ్వరు. పేజీలు రాని వారం కూడా నివేదిక పంపండి. ఒక శనివారం మానేస్తే రెండోది పంపడానికి మొహమాటం వేస్తుంది, మూడోదానికి ఫోను ఎత్తడానికే భయం వేస్తుంది. గైడ్‌లు భయపడేది సరిగ్గా దీనికే.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడో వారం చివర చూడండి. 24 పేజీల్లో 20 దాటితే మార్పు అక్కర్లేదు. 16 నుంచి 20 మధ్య ఉంటే నాలుగో వారం పట్టికను సవరించి గైడ్‌కు తెలియజేయండి. 16 కంటే తగ్గితే కారణం చూడాలి. ఇంటి పనులు అడ్డమైతే ఊళ్లోనే వేరే చోటు, శాఖా గ్రంథాలయమో చుట్టాల ఇంట్లో ఖాళీ గదో వెతకండి. కూర్చున్నా పేజీలు రాకపోతే మాత్రం చోటుతో పని లేదు, విశ్లేషణలో ఏదో తేలలేదన్నమాట. అలాంటప్పుడు అయిదో వారం దాకా ఆగకుండా వెంటనే వెళ్లి గైడ్‌తో కూర్చోండి.

ఇంకో గుర్తు: ఏ వారమైనా చదవాల్సిన వ్యాసాల జాబితా పెరుగుతూ, రాసిన పేజీలు పెరగకపోతే మీరు రెండో అధ్యాయానికి తిరిగి వెళ్లిపోయారు. ఆ వ్యాసాల పేర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టి, పట్టికలో ఉన్న విభాగానికి రండి.

ఏడో వారం సోమవారం చెప్పిన సమయానికి విభాగానికి వెళ్లండి. దిద్దిన 4వ అధ్యాయం, 5వ అధ్యాయంలో అయిన పేజీలు, ఆరు శనివారాల నివేదికలు ఒకే ఫైలులో పెట్టి ఇవ్వండి. మిగిలిన వారాలకు కొత్త పట్టిక కూడా అందులోనే ఉంచండి, ఈసారి ఈ ఆరు వారాల్లో నిజంగా వచ్చిన వేగంతో వేసినది.